గంట రేటు వదిలి ప్రాజెక్టు ధరకు మారడం ఎలా? ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్లకు

గంట లెక్కన బిల్లు వేసేవాళ్లకు ఒక చిక్కు ఉంది: చెయ్యి తిరిగేకొద్దీ ఆదాయం తగ్గుతుంది. మొదటి ఆన్‌లైన్ షాపు కట్టినప్పుడు 58 గంటలు బిల్లు వేశారు. అదే మాదిరి రెండోది 46 గంటల్లో, మూడోది 40 గంటల్లో అయిపోయింది. గంటకు ₹700 చొప్పున మొదటిదానికి ₹40,600 వస్తే, మూడోదానికి ₹28,000 వచ్చింది. కస్టమరుకు అందిన సరుకు మాత్రం మూడుసార్లూ ఒకటే. మీరు నేర్చుకున్నదంతా డిస్కౌంటు రూపంలో కస్టమరు జేబులోకి పోయింది.

గంట రేటు పెంచొచ్చు కదా అనిపిస్తుంది. కొంతవరకు పెంచొచ్చు. కానీ ₹700 నుంచి ₹1,400 అనగానే కస్టమరు ఆ అంకెను తన దగ్గర పనిచేసేవాళ్ల జీతంతో పోల్చుకుంటాడు, బేరం అక్కడే ఆగిపోతుంది. మొత్తం పనికి ఒకే ధర చెబితే, ఆ పని తన వ్యాపారానికి ఎంత తెచ్చిపెడుతుందన్న దానితో పోల్చుకుంటాడు. అయితే ఇందులో ఒక బరువు మీ మీదకు మారుతుంది. అనుకున్నదానికంటే పని పెరిగితే, ఆ అదనపు గంటలు ఇకమీద మీవే. అందుకే ధర ఎంత చెప్పాలన్నదానికంటే, ఆ ధరలో ఏముందో, ఏం లేదో రాసుకోవడమే ఇక్కడ అసలు పని.

వర్డ్‌ప్రెస్, వూకామర్స్ మీద చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ షాపులు కట్టే ఒక డెవలపర్ని ఉదాహరణగా తీసుకుని, లెక్క మొత్తం వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. మీవి పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

1. పాత పనుల నిజమైన గంటలు బయటికి తీయండి

ఒకే రకానికి చెందిన చివరి మూడు పనులు తీసుకోండి. ఒక్కోదానికి రెండు అంకెలు కావాలి: బిల్లు వేసిన గంటలు, నిజంగా పోయిన గంటలు. రెండోది ఎక్కడా రాసిపెట్టుకుని ఉండరు, కాబట్టి తవ్వాలి. కాల్ లాగ్ చూడండి, వాట్సాప్‌లో ఆ కస్టమరు చాట్ పైకి జరపండి, మెయిళ్లు చూడండి. కొటేషన్ రాసిన సాయంత్రం, పేమెంట్ గేట్‌వే కాగితాల కోసం తిరిగిన ఫోన్లు, డబ్బు కోసం చేసిన రిమైండర్లు, సైట్ ఇచ్చేశాక “ఒక్క చిన్న మార్పు” అంటూ చేసిన పనులు, అన్నీ కలపండి.

మన ఉదాహరణలో బిల్లు వేసినవి 58, 46, 40 గంటలు. నిజంగా పోయినవి 71, 60, 52. మూడు పనులకు కలిపి వచ్చింది ₹1,00,800. పోయిన గంటలు 183. భాగిస్తే గంటకు ₹551. అంటే ₹700 రేటు అని మీరు చెప్పుకుంటున్నా, చేతికి వస్తున్నది అంతకు ఐదో వంతు తక్కువ.

ఇక్కడ ఇంకొకటి గమనించండి: తేడా ఎక్కడ వచ్చిందో. కోడ్ రాయడంలో సాధారణంగా పెద్ద తేడా రాదు. కస్టమరు ఫోటోలు, వివరాలు ముక్కలు ముక్కలుగా పంపినప్పుడు, ఇంట్లో ముగ్గురూ మూడు రకాల మార్పులు చెప్పినప్పుడు వస్తుంది. ఈ జాబితా పక్కన పెట్టుకోండి, ఒప్పందం రాసేటప్పుడు అదే పనికొస్తుంది.

2. ఒకే రకం పనితో మొదలుపెట్టండి

అన్ని పనులకూ ఒకేసారి ప్రాజెక్టు ధర పెట్టొద్దు. కనీసం మూడుసార్లు చేసి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీకు కళ్లు మూసుకున్నా తెలిసిన పనినే ఎంచుకోండి. మన డెవలపరుకు అది 15 నుంచి 40 ప్రొడక్టుల ఆన్‌లైన్ షాపు.

వేరొకరు కట్టిన పాత సైట్‌లో తప్పులు సరిచేయడం, హ్యాక్ అయిన సైట్‌ని బాగుచేయడం, ఏం కావాలో కస్టమరుకే ఇంకా తెలియని పని, వీటికి ప్రాజెక్టు ధర చెప్పారంటే మునిగినట్టే. మూత తీసేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వీటిని గంట లెక్కలోనే ఉంచండి. లేదా ముందు పరిశీలనకు మాత్రం ఒక ధర పెట్టండి: “సైట్ చూసి, ఏం చేయాలో, ఎంత అవుతుందో రాసి ఇవ్వడానికి ₹5,000. పని నాకే ఇస్తే ఆ మొత్తం బిల్లులో తగ్గిస్తాను.” దానికి కూడా ఒప్పుకోని కస్టమరు తర్వాత పెద్ద బిల్లు దగ్గర ఏమంటాడో ఊహించుకోవచ్చు.

3. అడుగు ధర కట్టండి

ఇది మీ మనసులో ఉండాల్సిన అంకె, కస్టమరుకు చెప్పేది కాదు. దీని కిందికి వెళ్తే పని వద్దనుకోవాలి.

మూడు పనుల సగటు గంటలు 61. దానికి ఊహించని పనుల కోసం 20 శాతం కలపండి, 73 గంటలు. మీ మామూలు గంట రేటు ₹700తో గుణిస్తే ₹51,100. నలభై ప్రొడక్టుల షాపుకు ఇదే అడుగు.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పని ఎక్కువలో ఎక్కువ బాగా జరిగిన 52 గంటల లెక్క పట్టుకుని ₹36,400 చెప్పేస్తారు. అన్నీ సవ్యంగా జరిగితేనే గిట్టే ధర అది. ఒక్క కస్టమరు ఆలస్యం చేసినా పాత ₹551 కంటే కిందికి పడిపోతారు.

రెండో పొరపాటు: అడుగు ధరనే అమ్మే ధరగా చెప్పడం. అలా చేస్తే గంట లెక్కే వేరే పేరుతో నడుస్తున్నట్టు. అమ్మే ధర కస్టమరు వ్యాపారాన్ని బట్టి పైనుంచి రావాలి, అడుగు ధర దాన్ని కిందికి జారకుండా పట్టుకోవడానికి మాత్రమే.

4. ధర చెప్పేముందు అరగంట మాట్లాడండి

పచ్చళ్లు, పొడులు అమ్మే ఒక వ్యాపారి సైట్ కావాలని వచ్చారనుకుందాం. “ఎంతవుతుంది?” అనేది మొదటి ప్రశ్న. అప్పటికప్పుడు అంకె చెప్పొద్దు. “మీ దగ్గర ఆర్డర్లు ఇప్పుడు ఎలా వస్తున్నాయో తెలిస్తే సరైన ధర చెప్పగలను సార్, రెండు మూడు విషయాలు అడుగుతాను” అనండి.

అడగాల్సినవి ఇవి. నెలకు ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయి? ఒక్కో ఆర్డరు సగటున ఎంత? ఆర్డర్లు ఎవరు రాసుకుంటారు, రోజుకు ఎంతసేపు? డబ్బు వచ్చిందో లేదో ఎలా చూసుకుంటారు? రాత్రి పూట మెసేజ్ పెట్టినవాళ్లకు ఎప్పుడు జవాబిస్తారు? అమెరికా నుంచి అడిగేవాళ్లు ఉన్నారా? ఆరు నెలల తర్వాత ఈ సైట్ వల్ల ఏం మారితే డబ్బు వసూలైంది అనుకుంటారు?

జవాబులు ఇలా వచ్చాయనుకోండి. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. నెలకు ₹14,000 జీతం మీద ఒకమ్మాయి రోజులో సగం సేపు అడ్రసులు పుస్తకంలో ఎక్కించడం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు సరిచూసుకోవడంలోనే గడుపుతుంది. రాత్రి పదింటి తర్వాత వచ్చే మెసేజ్‌లకు పొద్దున జవాబిచ్చేసరికి కొందరు వేరేచోట కొనేస్తారు.

లెక్క వేయండి. ఆ సగం సమయం ప్యాకింగ్‌కు మళ్లితే నెలకు ₹7,000 విలువ, ఏడాదికి ₹84,000. రాత్రి పోయే ఆర్డర్లలో నెలకు 20 నిలబడినా, ఆర్డరుకు ₹250 మిగులు చొప్పున ₹5,000, ఏడాదికి ₹60,000. మొత్తం ₹1,44,000. ఈ లెక్క మీరు ఒక్కరే వేసుకుని దాచుకోకండి. ఆయన చెప్పిన అంకెలతో ఆయన ముందే వేయండి. తను చెప్పిన అంకెను ఎవరూ కాదనలేరు. ఇప్పుడు ₹78,000 చెబితే ఆరున్నర నెలల్లో వెనక్కి వచ్చే ఖర్చుగా కనిపిస్తుంది.

అదే నెలకు పది ఆర్డర్లు కూడా రాని వ్యాపారమైతే ఈ లెక్క నిలబడదు. అప్పుడు ఆ మాట చెప్పి, వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్ పెట్టుకోమనండి. విలువ అడుగు ధరను అందుకోని చోట ఏ మాటకారితనమూ పనిచేయదు. చేసినా రెండు నెలలకే “సైట్ వల్ల ఏం లాభం లేదు” అన్న ఫోన్ వస్తుంది.

5. ఒప్పందంలో అన్నిటికీ సంఖ్య పెట్టండి

లాభం నిలిచేదీ, కారిపోయేదీ ఇక్కడే. “పూర్తి ఈ-కామర్స్ వెబ్‌సైట్, ఆధునిక డిజైన్, అవసరమైన మార్పులతో సహా” అని రాశారంటే, అవసరం ఎప్పుడు తీరుతుందో నిర్ణయించేది కస్టమరే. లెక్కపెట్టగలిగేదే రాయాలి. రెండు పేజీలు దాటనక్కర్లేదు. మన పచ్చళ్ల షాపుకు ఇలా ఉంటుంది:

- 40 ప్రొడక్టుల వరకు, ఒక్కోదానికి మూడు తూకాలు: 250 గ్రాములు, అర కిలో, కిలో
- 6 పేజీలు: హోమ్, మా గురించి, సంప్రదించండి, డెలివరీ, రీఫండ్, ప్రైవసీ
- ఒక పేమెంట్ గేట్‌వే, బరువును బట్టి దేశం లోపల డెలివరీ ఛార్జీలు
- డిజైన్ మీద రెండు విడతల మార్పులు
- 90 నిమిషాల శిక్షణ, దాని వీడియో రికార్డింగ్
- సైట్ అప్పగించాక 30 రోజుల పాటు తప్పుల సవరణ

ఇందులో లేనివి కూడా అంతే స్పష్టంగా రాయాలి: ప్రొడక్టు ఫోటోలు తీయడం, వివరాలు రాయడం, విదేశాలకు డెలివరీ, కొరియర్ కంపెనీతో అనుసంధానం, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు. డొమైన్, హోస్టింగ్, ప్లగిన్ లైసెన్సులు, గేట్‌వే కోసుకునే ఛార్జీ, ఇవి కస్టమరు పేరు మీదే కొని, ఆయన కార్డుతోనే కట్టించండి. మీ పేరున కొంటే ప్రతి ఏడాదీ రెన్యువల్ డబ్బు అడిగి వసూలు చేసే ఉద్యోగం కూడా మీదే అవుతుంది.

“రెండు విడతల మార్పులు” అన్న మాటకు అర్థం కూడా రాయాలి, లేకపోతే అది పనికిరాదు. ఒక విడత అంటే, మార్పులన్నీ ఒకే జాబితాగా, ఒకే వ్యక్తి నుంచి, ఒకే మెయిల్‌లో రావాలి. ఆ వ్యక్తి ఎవరో పేరు రాయించుకోండి. పొద్దున నాన్నగారు రంగు మార్చమని, సాయంత్రం అబ్బాయి మళ్లీ పాత రంగే బాగుందని చెప్పే ఇళ్లలో ఈ ఒక్క వాక్యం మీకు ఒక వారం మిగులుస్తుంది.

“తప్పుల సవరణ” కూడా అంతే. ఒప్పందంలో రాసిన విధంగా పనిచేయనిది తప్పు. రాసిన విధంగానే పనిచేస్తూ, వేరేలా ఉంటే బాగుండు అనిపించేది మార్పు. కిలో ధర బదులు అర కిలో ధర పడుతుంటే తప్పు, ఉచితంగా సరిచేస్తారు. పండగ సీజన్ కదా గిఫ్ట్ బాక్సు కూడా పెడదాం అంటే మార్పు.

ఇక కస్టమరు ఇవ్వాల్సినవి, వాటి తేదీలు. లోగో, ప్రొడక్టుల జాబితా ఒకే ఎక్సెల్ ఫైలులో, ఫోటోలు ఒకే ఫోల్డరులో. పేమెంట్ గేట్‌వే అడిగే పాన్, బ్యాంకు వివరాలు, ఆహార వ్యాపారం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. గేట్‌వే వాళ్లు అనుమతి ఇచ్చేముందు సైట్‌లో రీఫండ్, డెలివరీ, సంప్రదించే పేజీలు ఉన్నాయో లేదో చూస్తారు. అందుకే ఆ పేజీలు చివర్లో చేద్దామని పెట్టుకోవద్దు, మొదటి వారంలోనే చేసేయండి.

6. డబ్బు వాయిదాలను మీ పనికి కట్టండి, కస్టమరు పనికి కాదు

సగం ముందు, సగం చివర అనే పద్ధతిలో “చివర” ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు. “సైట్ లైవ్ అయ్యాక మిగతా డబ్బు” అని రాసి, గేట్‌వే కాగితాలు కస్టమరు రెండు నెలలు ఇవ్వకపోతే, మీ పని పూర్తయినా డబ్బు ఆగిపోతుంది.

₹78,000కి ఇలా విడగొట్టండి: మొదలుపెట్టేముందు 40 శాతం, ₹31,200. టెస్ట్ లింకులో సైట్ మొత్తం చూపించినప్పుడు ఇంకో ₹31,200. కస్టమరు డొమైన్ మీదకు మార్చేముందు మిగతా 20 శాతం, ₹15,600. మార్చిన తర్వాత కాదు, మార్చేముందు.

దీనికి రెండు వాక్యాలు కలపండి. ఒకటి: కస్టమరు ఇవ్వాల్సినవి గడువు తేదీకి రాకపోతే, నమూనా ప్రొడక్టులతోనే సైట్ చూపిస్తాం, రెండో వాయిదా అప్పుడే కట్టాలి. రెండు: 30 రోజులు జవాబు లేకపోతే పని ఆగుతుంది, మళ్లీ మొదలుపెట్టడానికి ₹5,000. ఈ ₹5,000 నిజంగా వసూలు చేసే అవసరం అరుదుగానే వస్తుంది. ఆ వాక్యం ఉందని గుర్తుచేస్తే చాలు, ఫోటోలు వచ్చేస్తాయి.

చిన్న వ్యాపారాల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుని, ఆ నంబరు బిల్లు మీద వేయండి. ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ముఖ్యంగా కంపెనీలతో పనిచేసేటప్పుడు వాళ్ల అకౌంట్స్ విభాగం ఈ నంబరున్న బిల్లును పక్కన పెట్టడానికి కాస్త ఆలోచిస్తుంది.

జీఎస్టీ సంగతి కూడా కొటేషన్‌లోనే తేల్చాలి. సేవలకు ఏడాది టర్నోవరు ₹20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. రిజిస్టర్ అయినవాళ్లు “18 శాతం జీఎస్టీ అదనం” అని రాయకపోతే, కస్టమరు ఆ ₹78,000లోనే జీఎస్టీ కూడా ఉందంటాడు. అలాగైతే మీకు మిగిలేది ₹66,102.

7. ఒక ధర కాదు, మూడు ధరలు ఇవ్వండి

ఒకే ధర ఇస్తే కస్టమరుకు మిగిలే ప్రశ్న “చేయించాలా, వద్దా?” మూడు ఇస్తే “ఏది?” అని ఆలోచిస్తాడు. ఒకే పేజీలో పక్కపక్కన పెట్టండి. ₹55,000: 15 ప్రొడక్టులు, రెడీమేడ్ థీమ్, ఒక విడత మార్పులు. ₹78,000: పైన రాసినదంతా. ₹1,15,000: దానితోపాటు కొరియర్ అనుసంధానం, విదేశాలకు డెలివరీ ఛార్జీలు, తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో సైట్, మూడు నెలల సపోర్టు.

మూడింటిలో తేడా కస్టమరు వ్యాపారానికి పనికొచ్చేదై ఉండాలి. యానిమేషన్లు, స్లైడర్లు కలిపి పై ధర పెంచితే ఆయన వెంటనే పట్టేస్తాడు. అమెరికా నుంచి ఆర్డర్లు అడుగుతున్నారని నాలుగో అడుగులో ఆయనే చెప్పి ఉంటే, మూడో ఎంపికలో విదేశీ డెలివరీ ఎందుకుందో విడిగా చెప్పనక్కర్లేదు.

కొటేషన్‌లో గంటలు ఎక్కడా రాయకండి. ప్రొడక్టులు ఎక్కించడానికి 10 గంటలు అని కనిపించిందంటే, “అంత అవసరమా, మా అబ్బాయి ఎక్కిస్తాడు” అనే బేరం మొదలవుతుంది. “ఎన్ని గంటలు పడుతుంది?” అని సూటిగా అడిగితే మొహం చాటేయనక్కర్లేదు. జాకెట్టు కుట్టడానికి దర్జీని ఎవరూ గంటలు అడగరు కదా. లైనింగుకు ఇంత, మగ్గం పనికి ఇంత అని బోర్డు మీద ఉంటుంది. “గంటలు ఎక్కువైనా మీకు బిల్లు పెరగదండీ, ఆ భారం నాదే. మీకు సైట్ మాత్రం 5 వారాల్లో వస్తుంది” అనండి. ఖర్చు ముందే తెలియడం చాలామంది వ్యాపారులకు నిజంగా నచ్చే విషయం. గంట బిల్లులో వాళ్లకు భయమంతా చివర ఎంత తేలుతుందోననే.

“పక్క వీధిలో పదిహేను వేలకే చేస్తారట” అన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ పదిహేను వేల పనిని తిట్టొద్దు. “అందులో ప్రొడక్టులు ఎవరు ఎక్కిస్తారో, గేట్‌వే ఎవరు పెడతారో ఒకసారి అడిగి చూడండి” అని వదిలేయండి. “78ని 60 చేయండి” అంటే, ధర తగ్గించి పనిని అలాగే ఉంచొద్దు. “60కి చేద్దాం సార్. 20 ప్రొడక్టులు నేను ఎక్కిస్తాను, మిగతావి మీవాళ్లు ఎక్కిస్తారు, మార్పులు ఒక విడతే” అనండి. ఏమీ తీయకుండా ₹18,000 తగ్గిస్తే, మొదట చెప్పిన ధర ఉత్తుత్తిదే అని మీరే ఒప్పుకున్నట్టు. వచ్చేసారి బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

8. మధ్యలో వచ్చే అదనపు పని

పని మొదలైన రెండో వారంలో ఒక రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది: “అన్నట్టు బాబూ, నెలనెలా ఆటోమేటిక్‌గా పచ్చళ్ల బాక్సు పంపేలా ఒక ప్లాన్ పెడితే ఎలా ఉంటుంది? చిన్నదే కదా.” చాలా ప్రాజెక్టుల లాభం ఇలాంటి రాత్రుల్లోనే కరిగిపోతుంది.

మూడు పనులు చేయండి. వాయిస్ మెసేజ్‌కు వాయిస్‌తో కాదు, అక్షరాల్లో జవాబివ్వండి. అది ఒప్పందంలో లేదని చెప్పండి, కానీ “కుదరదు” అనొద్దు. ధర, రోజులు రెండూ ఒకేసారి చెప్పండి. ఉదాహరణకు:

“మంచి ఆలోచన సార్. మనం రాసుకున్న జాబితాలో ఇది లేదు. నెలవారీ ప్లాన్ పెట్టడానికి ₹9,000 అవుతుంది, ప్లగిన్ లైసెన్సు మీ పేరున విడిగా కొనాలి. ఇప్పుడే చేస్తే సైట్ నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. ముందు సైట్ మొదలుపెట్టేసి, నెల తర్వాత కలుపుదామా? మీరు సరే అంటే ఆ మేరకు మెయిల్ పంపిస్తాను.”

చాలాసార్లు కస్టమరు తర్వాత చూద్దాం అంటాడు. అదీ మంచిదే, రెండో ప్రాజెక్టు అక్కడే పుట్టింది.

పది నిమిషాల పనులకు కూడా ఇలా మెయిల్ పెడితే సంబంధం చెడుతుంది. అవి చేసేయండి. కానీ చివరి బిల్లులో ఒక వరుసగా చూపించండి: “బ్యానర్ మార్పు, ₹1,500, తగ్గింపు ₹1,500, కట్టాల్సింది ₹0.” ఉచితంగా ఇచ్చినదానికి ధర ఉందని తెలియకపోతే, అది వచ్చేసారి హక్కు అవుతుంది.

9. పాత గంటల కస్టమర్లను మార్చడం

అందరికీ ఒకే రోజు మెయిల్ పెట్టొద్దు. నడుస్తున్న పనిని మధ్యలో మార్చొద్దు. కొత్త కస్టమర్లతో రెండు మూడు ప్రాజెక్టులు చేశాక, పాతవాళ్లలో ఒకరిని ఎంచుకుని, ఆయన ఇచ్చే తర్వాతి కొత్త పనికి మాత్రం ప్రాజెక్టు ధర ఇవ్వండి. “ఇకనుంచి ఇలాంటి పనులకు ముందే ఒక ధర చెప్పేస్తున్నాను మేడమ్, చివర్లో ఎంతవుతుందోనన్న బెంగ మీకు ఉండదు” అంటే చాలు. రేటు పెంచానన్న మాట అక్కడ అనవసరం, మీరు చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు.

నెలనెలా చిన్న చిన్న పనులు ఇచ్చే కస్టమరుకు ప్రాజెక్టు ధర నప్పదు. గత ఆరు నెలల బిల్లులు చూసి నెలవారీ ప్యాకేజీ కట్టండి: అప్‌డేట్లు, బ్యాకప్, నెలకు ఐదు చిన్న మార్పులు, ఇంత. ఆ నెలలో వాడుకోని మార్పులు తర్వాతి నెలకు చేరవని రాయండి. రాయకపోతే దసరాకు ముందు ముప్పై మార్పుల జాబితా వస్తుంది.

విదేశీ ఏజెన్సీలకు సబ్‌కాంట్రాక్టు చేసేవాళ్ల సంగతి వేరు. ఆ ఏజెన్సీ తన కస్టమరుకు గంటల లెక్కే చూపించాల్సి ఉంటే మిమ్మల్ని వేరే పద్ధతికి రానివ్వదు. వాళ్లతో ఒక టెంప్లేటుకు ఇంత, ఒక ల్యాండింగ్ పేజీకి ఇంత అని ముక్కల ధరకు ప్రయత్నించండి. అప్‌వర్క్ లాంటి చోట్ల ఫిక్స్‌డ్ ప్రైస్ తీసుకుంటే, మైల్‌స్టోన్ డబ్బు ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా అప్‌వర్క్ పట్టి ఉంచే ఖాతాలో, పడిందని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. పని సమర్పించాక కస్టమరు 14 రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఆ డబ్బు మీకు విడుదలవుతుంది. అందుకే ఒకే పెద్ద మైల్‌స్టోన్ కంటే మూడు చిన్నవి మేలు.

10. టైమర్ ఆపొద్దు

బిల్లు మీద గంటలు పోయినా మీ షీట్‌లో పోకూడదు. టోగుల్, క్లాకిఫై, లేదా మామూలు ఎక్సెల్, ఏదైనా సరే. పనిని ఐదు ముక్కలుగా రాసుకోండి: మాటలు, డిజైన్, కట్టడం, ప్రొడక్టులు, అప్పగించాక. పని ముగిశాక ధరను మొత్తం గంటలతో భాగించండి.

మన ఉదాహరణలో ₹78,000 షాపుకు 62 గంటలు పట్టాయనుకుందాం. గంటకు ₹1,258. పాత ₹551తో పోల్చండి. ఇంకో రకంగా చూస్తే, పాత పద్ధతిలో నెలకు రెండు షాపులు కట్టి, 122 గంటలకు సగటున ₹67,200 తెచ్చుకున్నారు. ఇప్పుడు ఒక్క షాపు 62 గంటల్లో ₹78,000 తెచ్చింది. అంటే కొటేషన్ పంపినవాళ్లలో సగం మంది వద్దన్నా మీకు నష్టం లేదు. ఇంతకుముందు అందరూ సరే అన్నా వచ్చింది తక్కువే. మొదటి రెండు నెలల్లో వరుసగా ఇద్దరు ముగ్గురు వద్దంటే కంగారుపడి ధర దించేసేవాళ్లు ఈ లెక్కను ఒకసారి తిరగేయాలి. అందుకే మారేముందు రెండు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంచుకోవడం, నెలవారీ ప్యాకేజీ కస్టమర్లను వదులుకోకుండా ఉండటం అవసరం.

మూడు ప్రాజెక్టులు అయ్యాక షీట్ ముందు పెట్టుకోండి. గంటలు 73 దాటితే ఏ ముక్కలో దాటాయో చూడండి. “ప్రొడక్టులు” వరుసలో దాటితే ఎక్సెల్ ఫైలు నిబంధన గట్టిగా అమలు చేయలేదన్నమాట. “అప్పగించాక” వరుసలో దాటితే తప్పుకూ మార్పుకూ తేడా రాయడంలోనో, చెప్పడంలోనో జారారు. “కట్టడం” వరుసలో దాటితేనే అంచనా తప్పు, అప్పుడు అడుగు ధర మార్చాలి. గంటలు అదుపులోనే ఉండి, ముగ్గురూ బేరం లేకుండా మధ్య ధరకు సరే అన్నారంటే, నాలుగో కొటేషన్‌లో మూడు ధరలూ ఓ 15 శాతం పెంచి పంపండి. ఈసారి ఎవరైనా తటపటాయిస్తే దేని దగ్గర తటపటాయించారో అదే షీట్‌లో ఒక వరుస రాసి పెట్టుకోండి.